సిద్ధరాములు వ్రాసెను

షోలాపూర్‌లో దాజీ పేట్ నుంచి అశోక్ చౌక్ దాకా నడిస్తే, ఏ రేకు బోర్డు కింద చూసినా కుడి మూలన చిన్న అక్షరాల్లో ఒకటే మాట కనిపించేది: "సిద్ధరాములు వ్రాసెను". బోర్డు మరాఠీదైనా, హిందీదైనా, ఆ మూల మాత్రం తెలుగే. చదవగలిగినవాళ్ళు చదివేవారు. రానివాళ్ళు అదేదో దేవుడి గుర్తు అనుకునేవారు. నేను అతని స్నేహితుణ్ణి. అతని గురించి చెప్పాలంటే ముందు నా తప్పు చెప్పాలి, అది చెప్పకుండా అతన్ని పొగిడితే నాకు నోరు రాదు.

సిద్ధరాములు వాళ్ళ నాయన గుంట మగ్గం నేసేవాడు. చీర పూర్తయినప్పుడల్లా చివరి అంచులో ఒక ఎర్ర పోగు ముడివేసి వదిలేవాడట. ఎందుకని అడిగితే, "తప్పు బయటపడితే ఎవలిదో తెలవాలె గద బిడ్డా" అనేవాడట. పవర్‌లూమ్‌లు వచ్చి ఇంట్లో మగ్గం మూలపడ్డాక సిద్ధరాములు కుంచె పట్టాడు, కాని ఆ ఎర్ర పోగును మాత్రం వదల్లేదు. అదే బోర్డు మూలకు చేరి "సిద్ధరాములు వ్రాసెను" అయింది.

అతని పని చూడ్డం నాకు ఇష్టం. రేకును చెక్క చట్రానికి బిగించి, ఎర్రమట్టి రంగు ఒక పూత, పైన పసుపు రెండు పూతలు వేసేవాడు. ఆరాక దారానికి సుద్దపొడి రాసి, రెండు కొసలూ పట్టించి, నడుమ లాగి టప్పున వదిలేవాడు. తెల్లటి గీత పడేది. "మరాఠీ అక్షరానికి నెత్తి మీద గీత ఉంటది, కుంచె దానికి ఆనుకుంటది. మన అక్షరానికి ఏ ఆసరా లేదు, గుండ్రంగ తిరిగి తనంత తానే నిలబడాలె" అనేవాడు. అంత ఇష్టంగా చెప్పేవాడు కాని, తెలుగు బోర్డు రాసే అవకాశం మాత్రం అతనికి అరుదుగా వచ్చేది. తెలుగువాళ్ళ దుకాణాలకు కూడా మరాఠీ బోర్డులే ఉండేవి.

చదువు విషయానికొస్తే అతను తెలుగు బడిలో నాలుగో తరగతి. నేను మరాఠీ బడిలో పదో తరగతి పాస్. తెలుగు అక్షరాలు ఇరవయ్యేళ్ళు వచ్చాక నా అంతట నేనే నేర్చుకున్నాను, పుస్తకాలు తెచ్చుకుని చదివాను. మా పేటలో పవర్‌లూమ్ షెడ్డులకు పోయేవాళ్ళలో అంత చదివినవాణ్ణి నేనొక్కణ్ణే అని నాకొక గీర. వాసుదేవ్ చెప్పాడంటే అది బరోబర్ అని నలుగురూ నా గురించి అనేవారు, నేనూ నమ్మేవాణ్ణి.

ఎనభై తొమ్మిది శ్రావణంలో గోదావరక్క దుకాణం పెట్టింది. ఇరవై రెండేళ్ళు బీడీలు చుట్టిన మనిషి. నీలం నగర్‌లో ఇంటి ముందుగది ఖాళీ చేసి, చుట్టుపక్కల మగ్గాల మీద నేసిన చీరలు తెచ్చి అరలో పేర్చింది. బోర్డు తెలుగులోనే కావాలంది. సిద్ధరాములు సంబరం ఆపుకోలేకపోయాడు. అప్పుడే ఇంకొక మాట కూడా నడుస్తోంది. నేతగాళ్ళ సొసైటీ తన అయిదు దుకాణాలకూ తెలుగు బోర్డులు పెట్టాలనుకుంటోంది. రాఖీ పున్నమకు మా నేతవాళ్ళు కొలిచే మార్కండేయుడి రథం ఆ దుకాణాల ముందునుంచే వెళ్తుంది కాబట్టి ఆ లోపే కావాలి. పని ఎవరికివ్వాలన్నది ఎల్లయ్య పంతులు చేతిలో ఉంది. ఆయన తెలుగు బడిలో పాఠం చెప్పి రిటైరై, సొసైటీ కాగితాలు చూసుకునే పెద్దమనిషి. "గోదావరక్క బోర్డు చూసి చెప్తా" అన్నాడట సిద్ధరాములుతో. ముప్పై ఎనిమిదేళ్ళకు మొదటిసారి తన భాషలో తన చేతి పని ఊరంతా చూసే అవకాశమది.

బుధవారం పొద్దున సిద్ధరాములు బోర్డు రాసి దుకాణం ముందు గోడకు ఆనించాడు. పసుపు మీద నీలం అక్షరాలు, పక్కన ఎర్ర నీడ:

"ఇచట అన్ని రకముల చేనేత చీరలు అమ్మబడును."

నేను షెడ్డుకు పోతూ ఆగాను. చదివాను. నాకు నోరు దురదపెట్టింది.

"అరే సిద్దూ, చూక్ చేసినవ్ రా, తప్పు రాసినవ్" అన్నాను. "చీరలు అన్నవ్. ఎన్నో ఉన్నయి. అమ్మబడును అంటే ఒకటే గద?"

అతను కుంచె గుడ్డతో తుడుచుకుంటూ బోర్డు వంక చూశాడు. "బరోబరే ఉంది గద వాసూ. చీరలు అమ్మబడును."

"ఎట్ల బరోబర్? ఎదురుంగ చూడు." ఎదురు దుకాణం మీద మరాఠీ బోర్డు ఉంది: 'యేథే సాడ్యా మిళతీల్', ఇక్కడ చీరలు దొరుకుతాయని. "ఒక చీరైతే మిళేల్. చాలా చీరలైతే మిళతీల్. మరాఠోడు గూడ లెక్క తప్పలే. మన తెలుగుకు లెక్క రాదా? 'ను' ఒకటికి. చాలా ఉంటే 'దురు' రావాలె. ఋషులు తపస్సు చేయుదురు అని రాస్తరు గాని, ఋషులు చేయును అని రాస్తరా?"

"ఋషులు చేయును అనరు" అన్నాడు సిద్ధరాములు నెమ్మదిగా.

"మరి!"

"కని చీరలు అమ్మబడుదురు అన్న గూడ అనరు రా. చెవికి ఆనుతలేదు." కుంచెను డబ్బాలో పెట్టాడు. "నాలుగో తరగతిల 'పక్షులు ఎగురును' అని చదివిన. ఎగురుదురు అని లేదు."

"అది పోరగాండ్ల పుస్తకం. అచ్చు తప్పు పడి ఉంటది."

"మల్ల 'చెట్లు నీడనిచ్చును' అని గూడ ఉంది. రెండు సార్లు తప్పు పడ్తదా?"

"నువ్వు రూల్ చెప్పు ముందు. ఎందుకు 'ను' రావాలె?"

అక్కడ అతను ఆగిపోయాడు. నాకు ఇప్పటికీ ఆ ముఖం గుర్తుంది. మాట సరైందని తెలుసు, ఎందుకు సరైందో తెలియదు. నాకు ఎందుకో చెప్పడం వచ్చు, కాని చెప్పేదే తప్పు. వాదంలో గెలిచేది ఎప్పుడూ రెండోవాడే.

గోదావరక్క గడపలో నిలబడి మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది. ఆమెకు అక్షరం రాదు. "తమ్మీ, నాకు సదువు రాదు. సదివినోల్లు నవ్వకుండ ఉండాలె, అంతే. బీడీలు సుట్టుకునేదానికి దుకాణమేంది అని ఇప్పటికే ఒకలిద్దరు అన్నరు. వాసుదేవు పదో తరగతి సదివిండు. ఆయన చెప్పినట్టు రాయి" అంది.

రంగు ఇంకా పచ్చిగానే ఉంది. సిద్ధరాములు గుడ్డను కిరోసిన్‌లో ముంచి 'ను'ను తుడిచాడు. నీలం మరక పోయాక పసుపు పూత మళ్ళీ వేసి ఆరబెట్టాడు. మర్నాడు 'దురు' రాశాడు. ఒక అక్షరం ఉన్న చోట రెండు పట్టాలి కాబట్టి అవి మిగతావాటికంటే సన్నగా, ఇరుక్కుని కూర్చున్నాయి. నేను పక్కనే ఉండి చూశాను, పర్యవేక్షణ అన్నమాట. చివర మూలన ఎప్పటిలాగే "సిద్ధరాములు వ్రాసెను" అని రాస్తుంటే అడిగాను. "నీకు నచ్చని మాట కింద పేరెందుకు రా?"

"రాసింది నేను గద" అన్నాడు.

శ్రావణ శుక్రవారం దుకాణం తెరిచారు. గోదావరక్క కొత్త చీర కట్టుకుని, కొబ్బరికాయ కొట్టి, వచ్చినవాళ్ళకు పాలకోవా పేడాలు పంచింది. నేను షెడ్డుకు సెలవు పెట్టి మరీ వచ్చాను. నా దిద్దుబాటు నలుగురూ చదువుతుంటే చూడాలని. పది గంటలకు ఎల్లయ్య పంతులు గొడుగు ఆనించుకుంటూ వచ్చి, కళ్ళద్దాలు సర్దుకుని, బోర్డు వైపు తలెత్తాడు. పైకి చదివాడు. ఆయన గొంతు ఇప్పటికీ పాఠం చెప్పే గొంతే.

"చేనేత చీరలు అమ్మబడుదురు!" మళ్ళీ చదివాడు. "అమ్మబడుదురట! ఓ గోదావరీ, నీ చీరలు మనుషులైనయా ఏంది? కూసోబెట్టి చాయ్ పొయ్యాల్నా వాటికి?"

అందరూ గొల్లుమన్నారు. తెలుగు చదవడం రానివాళ్ళు కూడా పక్కవాళ్ళను అడిగి తెలుసుకుని నవ్వారు. ఒకావిడ అరలోని చీరను తాకి, "అక్కా, బాగున్నరా?" అని పలకరించింది. గోదావరక్క పేడాల పళ్ళెం పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నవ్వకూడదని ఆమె కోరిన ఒక్క కోరికా ఆమె గడప ముందే తేలిపోయింది.

పంతులు గొడుగు కొసతో మూల చూపించాడు. "సిద్ధరాములు వ్రాసెను. ఏడున్నడు సిద్ధరాములు?"

"ఈడ్నే ఉన్న పంతులూ." ముందుకు వచ్చాడు. "నేనే రాసిన. తప్పయింది."

గోదావరక్క నా వైపు చూసి నోరు తెరవబోయింది. సిద్ధరాములు ఆమె వంక చూసి తల అడ్డంగా ఊపాడు, చిన్నగా. ఆమె ఊరుకుంది. నేనా? నేను నా చెప్పుల వంక చూసుకున్నాను. మూడు మాటలు చాలు: 'తప్పు నాది, పంతులూ.' ఆ మూడు మాటలకు నా నోరు పెగల్లేదు. పదో తరగతి చదివిన నోరు.

"అయిదు దుకాణాల బోర్డులు నీకే ఇద్దామనుకున్న" అన్నాడు పంతులు, కోపంగా కాదు, బాధగానే. "రథం ముందట నవ్వుల పాలైతం. మన తెలుగోల్ల ఊర్ల నుంచి ఎవలనన్న పిలుస్త." ఆయన వెళ్ళిపోయాడు. సిద్ధరాములు గోదావరక్కతో "అక్కా, ఇయ్యాల్నే దిద్దుత" అని, నిచ్చెన ఎక్కి బోర్డు దించి భుజాన వేసుకుని వెళ్ళాడు. నన్ను నాలుగు తిట్టి ఉంటే బాగుండేది, నాకు కోప్పడ్డానికి ఒక దారి దొరికేది.

ఇంటికి వచ్చి గడపలో కూర్చున్నాను. ఇంకా నేనే కరెక్టేమో, ఆ పంతులు పాతకాలం మనిషేమో అని లోపల ఏదో గొణుగుతూనే ఉంది. మధ్యాహ్నం మా వాకిట్లో బీడీలు చుట్టడానికి ఇరుగుపొరుగు ఆడవాళ్ళు చేరతారు. అమ్మ తునికాకు కట్ట నీళ్ళలోంచి తీసి దులుపుతూ అంది:

"కొడుకా, జర పక్కకు జరుగు. ఆకులు నానినయి. ఆడోల్లు గూడ ఒచ్చిన్రు."

నేను లేచాను. లేచి అక్కడే ఆగాను. ఆకులు నానినయి. ఆడోల్లు ఒచ్చిన్రు. రెండూ ఒకటికంటే ఎక్కువే. కాని ఆకులకు 'నయి', ఆడవాళ్ళకు 'న్రు'.

"అమ్మా, ఆకులు నానిన్రు అంటే ఏమైతది?"

అమ్మ నా వంక ఎగాదిగా చూసింది. "ఏమైతది, నీకు జ్వరం ఒచ్చినట్టైతది. ఆకులేమన్న మనుషులా, నానిన్రు అనుటానికి?"

ఆడవాళ్ళంతా నవ్వారు. ఒక్క పొద్దులో రెండోసారి అదే మాటకు అదే నవ్వు. అక్షరం రాని మా అమ్మకు తెలిసిన లెక్క అది. సిద్ధరాములు చెవికి తెలిసిన లెక్క. పుట్టినప్పటి నుంచి నా నాలుకకూ తెలుసు, నేనూ ఏనాడూ 'ఆకులు నానిన్రు' అనలేదు. కాని కాగితం మీదికి వచ్చేసరికి నా బుర్రలో మరాఠీ మాస్టరు కూర్చుని బెత్తం ఊపుతాడు.

చెప్పులు కూడా తొడుక్కోకుండా పంతులు ఇంటికి పోయాను. ఆయన వసారాలో కూర్చుని సొసైటీ ఉత్తరం ఏదో రాస్తున్నాడు. నిలబడే చెప్పాను. "పంతులూ, ఆ తప్పు సిద్ధరాములుది కాదు. వాడు అమ్మబడును అనే రాసిండు. నేనే కొట్లాడి మార్పించిన. పొద్దుగాల అందరి ముందట చెప్పకుండ ఊకున్న. అది ఇంక పెద్ద తప్పు."

ఆయన కలం మూత పెట్టాడు. "ఎందుకు మార్పించినవ్?"

మిళేల్, మిళతీల్ సంగతి చెప్పాను. ఋషుల సంగతీ చెప్పాను. ఆయన నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"కూసో" అన్నాడు. "మన షోలాపూర్‌ల మరాఠీ బడికి పోయినోల్లందరు చేసేదే ఇది. వినుకో. 'మాణసే యేతీల్', 'సాడ్యా యేతీల్'. మనుషులొచ్చినా చీరలొచ్చినా మరాఠీల 'తీల్' ఒకటే. ఒకటా, శానానా? అంతే అడుగుతది అక్కడ. తెలుగు క్రియ ఇంకోటి గూడ అడుగుతది. మనుషులా, కాదా? మనుషులు ఒచ్చిన్రు, చీరలు ఒచ్చినయి. ఇది మాట్లాడే తెలుగు. ఇగ పుస్తకాల తెలుగుకు పో. మనుషులు పోవుదురు. చీరలు పోవును. ఒక చీర పోయినా పోవును, నూరు చీరలు పోయినా పోవును. వస్తువులకు అక్కడ ఒకటికి, శానకు ఒకటే రూపం. నువ్వు 'ను' చూసి ఒకటే అనుకున్నవ్. అది ఒకటిది గాదు, ఉమ్మడిది. 'దురు' చూసి శాన అనుకున్నవ్. అది శాన మనుషులది."

"మరి ఆడోల్లు?"

"మంచిగ అడిగినవ్. ఒక్క ఆడమనిషైతే 'ఒచ్చింది' అంటం, వస్తువు లెక్కనే. ఇద్దరు కలిస్తే 'ఒచ్చిన్రు', మగోల్ల లెక్కనే. మన భాషల ఆడోల్లు కలిసి వస్తెనే మనుషుల లెక్కలకు వస్తరు. ఎవలు పెట్టిన్రో ఏమో."

నేను తల ఊపాను. ఆయన మళ్ళీ అన్నాడు, "ఇంకో మాట. అసలు 'అమ్మబడును' అని ఇంట్ల ఎవలన్న అంటరా? ఈడ చీరలు అమ్ముతరు అంటం. బోర్డుకు జర పెద్ద బట్ట తొడుగుతం, అంతే. తొడిగితే తొడిగినం, గుండీలు సరిగ్గ పెట్టుకోవాలె."

తర్వాత గొడుగు తీసుకుని లేచాడు. "పా. వాని ఇంటికి పోదాం. నేను నలుగుట్ల అన్న మాట నలుగుట్లనే వాపసు తీసుకోవాలె."

మేం వెళ్ళేసరికి సిద్ధరాములు వాకిట్లో బోర్డు పడుకోబెట్టి గీకుతున్నాడు. గోదావరక్క కూడా అక్కడే ఉంది, అతనికి చాయ్ తెచ్చిచ్చి గోడవారన కూర్చుంది. చుట్టుపక్కల వాకిళ్ళలో ఆడవాళ్ళు బీడీలు చుడుతున్నారు, పవర్‌లూమ్‌లు టకటకమంటున్నాయి. ఆ చప్పుడు మీదుగా అందరికీ వినిపించేలా నేను గట్టిగా చెప్పాను. తప్పు నాదని, పొద్దున నోరు మూసుకున్నానని, గోదావరక్క నవ్వులపాలు కావడం నా వల్లేనని. చెప్పడం మొదలుపెట్టాక అంత కష్టం అనిపించలేదు. పొద్దున మూడు మాటలకే పెగలని నోరు అప్పుడు ఆగలేదు. పంతులు సిద్ధరాములు ముందు నిలబడి, "అయిదు బోర్డులు నీవే. నేను తొందరపడ్డ" అన్నాడు. సిద్ధరాములు చేతులు రంగుతో ఉన్నాయని ముంజేతులు జోడించాడు.

నేను అతని పక్కన చతికిలబడ్డాను. "నా పేరెందుకు చెప్పలే రా?"

"మా నాయన ఎర్ర పోగు ఏసేటోడు గద. చీరల తప్పుంటే నూలు అమ్మినోని పేరు చెప్పేటోడా? నేసినోడే నిలబడేటోడు" అన్నాడు గీకుతూనే. "నువ్వు ఒస్తవని నాకు తెలుసు. ఇంత జల్దీ ఒస్తవని తెల్వదు."

నేను గీకుడు బిళ్ళ అందుకుని 'రు'ను గీకాను. అతను 'దు'ను గీకాడు.

రాఖీ పున్నమ నాడు రథం ఆ దారిన కదిలినప్పుడు సొసైటీ దుకాణాల అయిదు బోర్డులూ నీలంగా మెరిశాయి. జనం ఆగి చదువుకున్నారు. మా అమ్మ చదవలేదు కాని, సిద్ధరాములు అక్షరాలు ముద్దుగా ఉన్నాయని అంది. ఆ సాయంత్రం గోదావరక్క దుకాణం ముందు ఆగాను. దిద్దిన బోర్డు తిరిగి పెట్టాక నేను ఆ పక్కకు రావడం అదే మొదలు, షెడ్డులో డబుల్ డ్యూటీ నడుస్తుండేది. 'అమ్మబడును' అన్న మాట హాయిగా, కాళ్ళు చాపుకున్నట్టుగా కూర్చుంది. లోపల బేరాలు జోరుగా సాగుతున్నాయి. గోదావరక్క నన్ను చూసి, "ఏం తమ్మీ, మా చీరలు బాగున్నరు" అని ఎగతాళి చేసింది. ఆమె నవ్వుతోంది కాబట్టి నేనూ నవ్వాను.

అప్పుడు అలవాటుగా కుడి మూల చూశాను. సిద్ధరాములు గడప పక్కన నిలబడి, ఏమీ ఎరగనట్టు బీడీ వెలిగించుకుంటున్నాడు. ఆ మూలన "సిద్ధరాములు వ్రాసెను" లేదు. దాని బదులు ఇలా ఉంది:

"సిద్ధరాములు, వాసుదేవ్ వ్రాసిరి."

"ఇదేంది రా?" అన్నాను.

"ఇద్దరు మనుషులైతే 'సెను' రాదంట గద, 'సిరి' రావాలంట" అన్నాడు. "పంతులుని అడిగే రాసిన. నువ్వు రూల్ అడుగుతవని."

ఇదంతా జరిగి పదేళ్ళయింది. నీలం నగర్‌లో ఇప్పుడు గోదావరక్కకు పెద్ద దుకాణం, పైన లోపల దీపం వెలిగే ప్లాస్టిక్ బోర్డు. పాత రేకును పారేయలేదు, లోపల గల్లా వెనక గోడకు కొట్టించింది. పసుపు మాసిపోయింది, మూలలు తుప్పుపట్టాయి. నేను చీరలు కొనేవాణ్ణి కాను, అయినా నెలకోసారి అక్కడికి పోతాను. తప్పు చేసినవాడి పేరును కూడా ఎర్ర పోగులో కలిపి ముడివేసిన స్నేహితుడు ఎంతమందికి దొరుకుతాడు? నాకు దొరికాడు. పదో తరగతి పాసైన కాగితం ఇంట్లో ఏ పెట్టెలో ఉందో గుర్తులేదు గాని, ఆ రేకు ముందు నిలబడి నా పేరు చదువుకుంటాను, చివర ఆ 'రి' దాకా.